షాఫ్ట్ రిపేరు డైరీ: ఆంప్స్ పెంచితే ప్రీహీట్ అక్కర్లేదా?

శనివారం

పని ఇది. 60 మిల్లీమీటర్ల షాఫ్ట్ చివర 20 మిల్లీమీటర్ల మందం ఫ్లాంజ్ ఎక్కించి, రెండు వైపులా చుట్టూ ఫిల్లెట్ వెల్డింగ్ చేశారు. ఆ అతుకు ఊడిపోయింది. షాఫ్ట్ పొడవుగా ఉంది కాబట్టి చెడిన చివర కోసేసి, అదే ఫ్లాంజ్‌ని మళ్ళీ అతికించాలి. ఫ్లాంజ్ మామూలు మైల్డ్ స్టీల్. షాఫ్ట్ మాత్రం డ్రాయింగ్ ప్రకారం ఈఎన్-8, అంటే మీడియం కార్బన్ స్టీలు. తేడా అంతా అక్కడే.

విరిగిన ముఖం చూస్తే చాలా సంగతులు తెలిశాయి. పగులు వెల్డ్ లోహంలోంచి పోలేదు. వెల్డ్ అంచు నుంచి మొదలై షాఫ్ట్ లోపలికి, వెల్డ్ ఆకారాన్నే అనుసరిస్తూ వెళ్ళింది. ముఖంలో ఎక్కువ భాగం తుప్పు రంగులో ఉంది, చివర కొద్ది భాగమే కొత్తగా మెరుస్తోంది. అంటే పగులు చాలాకాలం కిందటే పుట్టి, మెల్లగా పెరిగి, మిగిలిన కాస్త లోహమూ బరువు ఆపలేక ఈమధ్య తెగింది. వెల్డ్ బీడ్‌ని నిలువుగా గ్రైండ్ చేస్తే లోపల అక్కడక్కడా గుండుసూది తల సైజు బుడగలు కూడా కనిపించాయి.

బాబాయ్ చూసి, "తక్కువ ఆంప్స్‌లో కొట్టారురా. సరిగ్గా కరగలేదు. కరెంటు పెంచి గట్టిగా కొడితే అదే వేడెక్కుతుంది, దానికి మళ్ళీ టార్చ్ పెట్టి కాల్చడం ఎందుకు?" అన్నాడు. ఆయన చేతి పని మీద నాకు గౌరవం ఉంది కానీ ఈ మాట మీద అనుమానం ఉంది. షాఫ్ట్ కోసిన ముక్కలు ఎలాగూ మిగులుతాయి కాబట్టి, అసలు పని ముట్టుకునే ముందు వాటి మీద తేల్చుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం.

షాఫ్ట్ తరుగు ల్యాబ్‌కి ఇస్తే కార్బన్ 0.43 శాతం, మాంగనీస్ 0.78 శాతం వచ్చాయి. క్రోమియం 0.09, మాలిబ్డినం 0.02, నికెల్ 0.06, రాగి 0.12. ఈ అంకెలన్నిటినీ ఒక్క అంకెలోకి తెచ్చేదే కార్బన్ ఈక్వివలెంట్:

```
CE = C + Mn/6 + (Cr + Mo + V)/5 + (Ni + Cu)/15
   = 0.43 + 0.13 + 0.022 + 0.012
   = 0.59
```

0.40 లోపు ఉంటే సాధారణంగా పెద్ద జాగ్రత్తలు అక్కర్లేదు. 0.45 దాటితే ప్రీహీట్ గురించి ఆలోచించాలి. 0.59 అంటే ఆలోచించడం కాదు, చేసి తీరాలి. ఇంత కార్బన్ ఉన్న స్టీలు వెల్డ్ పక్కన ఎర్రగా కాలి, వెంటనే చల్లబడితే మార్టెన్‌సైట్ అనే పెళుసు రూపంలోకి మారుతుంది. వెల్డింగ్‌లో ఆ చల్లార్చే పని నీళ్ళు చేయవు, చుట్టూ ఉన్న చల్లటి షాఫ్ట్ చేస్తుంది. 60 మిల్లీమీటర్ల దిమ్మ వేడిని ఎంత వేగంగా లాగేస్తుందో పక్కన చెయ్యి పెట్టి చూసినవాళ్ళకి తెలుసు.

ఆదివారం

మూడు నమూనాలు కొట్టాం. షాఫ్ట్ ముక్కలు అవే, 20 మిల్లీమీటర్ల ప్లేటు అదే, రాడ్లు 7018. మూడింటికీ కొన్నాళ్ళ కిందట తెరిచిన ప్యాకెట్లలోని రాడ్లనే, కాల్చకుండా, కావాలనే వాడాం. రాడ్ల తేమ మూడింటికీ దాదాపు ఒకేలా ఉంటే, తేడా ఎక్కువగా వేడి వల్లే వచ్చిందని చెప్పొచ్చు.

హీట్ ఇన్‌పుట్ లెక్కకి మూడు అంకెలు కావాలి: వోల్టులు, ఆంపియర్లు, చెయ్యి కదిలే వేగం. మొదటి రెండూ మీటరు చెబుతుంది. వేగం మాత్రం ఎవరూ కొలవరు, అందరూ ఊహిస్తారు. నిజానికి లెక్కని ఎక్కువగా తారుమారు చేసేది అదే. షాఫ్ట్ చుట్టుకొలత 188 మిల్లీమీటర్లు. ఆర్క్ వెలిగి ఉన్న సెకన్లు మాత్రం ఫోన్లో లెక్కపెట్టి భాగించాం.

```
H = 0.8 × V × I × 60 / (1000 × S)
H: kJ/mm    S: mm/min

A: 22 V, 115 A, 200 mm/min  ->  0.6
B: 25 V, 170 A, 170 mm/min  ->  1.2
C: 23 V, 120 A, 165 mm/min  ->  0.8
```

ఆ 0.8 ఏమిటంటే, రాడ్ వెల్డింగ్‌లో ఆర్క్ వేడిలో దాదాపు 80 శాతమే పనిముక్కలోకి దిగుతుంది, మిగతాది గాలిలో పోతుంది.

మొదటిది సన్న రాడ్‌తో, చల్లటి ముక్క మీద, ఇదివరకు చేసినవాళ్ళు చేసి ఉంటారనుకున్న పద్ధతిలో. రెండోది బాబాయ్ పద్ధతి: 4 మిల్లీమీటర్ల రాడ్, 170 ఆంప్స్, ముక్క చల్లగానే. మూడోది 3.15 రాడ్‌తోనే, కానీ ముక్కని ముందు 200 డిగ్రీలకి వేడి చేసి.

రెండోది కొడుతున్నప్పుడు చూడ్డానికి చాలా బాగుంది. మెటల్ పల్చగా పారింది, అంచులు చక్కగా కలిశాయి. బాబాయ్ నా వైపు చూసి ఏమీ అనలేదు, అనక్కర్లేదన్నట్టు.

కానీ ఆర్క్ ఆపిన చోట గుంట చల్లబడుతుంటే అందులో నక్షత్రం ఆకారంలో సన్నటి పగులు కనిపించింది. ఇది క్రేటర్ క్రాక్. వెల్డ్ ఇంకా గడ్డకడుతున్నప్పుడే పుడుతుంది కాబట్టి దీన్ని హాట్ క్రాక్ అంటారు. ఆంప్స్ ఎక్కువైనకొద్దీ ఆగిన చోట గుంట పెద్దదవుతుంది, షాఫ్ట్ లోహం కూడా ఎక్కువగా కరిగి వెల్డ్‌లో కలుస్తుంది. దాంతోపాటు కార్బన్, గంధకం కూడా వస్తాయి. గంధకం కలిసిన ద్రవం చిట్టచివర గడ్డకడుతుంది. అప్పటికి చుట్టూ ఉన్న లోహం కుంచించుకుని లాగుతుంటుంది, మధ్యలో ఇంకా ద్రవంగా ఉన్న పొర చీలుతుంది. గుంటని నింపి ఆపితే ఇది చాలావరకు తగ్గుతుంది. కాబట్టి దీన్ని బట్టి బాబాయ్ పద్ధతి తప్పని అప్పుడే అనలేదు.

సోమవారం

పొద్దున్నే డై పెనెట్రాంట్ వేశాం. తెలియనివాళ్ళ కోసం: శుభ్రం చేసి, ఎర్ర ద్రవం చల్లి పది పదిహేను నిమిషాలు వదిలేసి, గుడ్డతో తుడిచి, పైన తెల్ల డెవలపర్ చల్లాలి. పగుల్లో మిగిలిన ఎరుపు తెల్లదాని మీదికి ఊరుతుంది. తుడిచేటప్పుడు క్లీనర్‌ని నేరుగా వెల్డ్ మీద కొట్టకూడదు, గుడ్డకి కొట్టాలి. లేకపోతే పగుల్లోని ఎరుపు కూడా కడుక్కుపోతుంది.

ఎ ముక్కలో పగులు లేదు. బి ముక్కలో ఆ క్రేటర్ తప్ప ఏమీ లేదు. సి ముక్కలో కూడా లేదు. మూడింటిలోనూ ఆర్క్ మొదలైన చోట్ల మాత్రం చిన్న ఎర్ర చుక్కలు, అంటే బ్లో హోల్స్.

ఇక్కడితో ఆపేస్తే మూడూ పాస్ అయినట్టే. చాలా చోట్ల ఇక్కడే ఆపుతారు.

మంగళవారం రాత్రి

48 గంటలు దాటాక మళ్ళీ వేశాం. ఎ ముక్కలో షాఫ్ట్ వైపు వెల్డ్ అంచు వెంబడి సుమారు 40 మిల్లీమీటర్ల ఎర్ర గీత. నిన్న పొద్దున లేదు, ఇవాళ ఉంది. బాబాయ్ చాలాసేపు దాన్నే చూశాడు. "నిన్న మనం సరిగ్గా తుడవలేదేమో" అన్నాడు ముందు. గ్రైండర్‌తో కొద్దిగా తీసి మళ్ళీ వేస్తే గీత ఇంకా స్పష్టంగా వచ్చింది.

ఇదే హైడ్రోజన్ పగులు, కోల్డ్ క్రాక్ అనేది. తడి రాడ్ పూతలో ఉన్న నీరు ఆర్క్‌లో విడిపోయి హైడ్రోజన్ అవుతుంది. కరిగిన స్టీలు దాన్ని బాగా పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు మాత్రం అంత పట్టుకోలేదు. బయటికి పోలేక బుడగగా చిక్కుకున్నది బ్లో హోల్. బుడగ కాకుండా స్టీల్లోనే కరిగి ఉండిపోయినది పరమాణువుల రూపంలో మెల్లగా కదులుతూ, వెల్డ్ పక్కన గట్టిపడ్డ పొరలోకి చేరుతుంది. అక్కడ పెళుసుదనం ఉంది, కుంచించుకున్న వెల్డ్ లాగుడు ఉంది, ఇప్పుడు హైడ్రోజన్ కూడా చేరింది. మూడూ కలిస్తే పగులుతుంది. ముక్క చల్లబడ్డాకే ఇది జరుగుతుంది కాబట్టి వెల్డ్ చేసిన రోజు పరీక్ష చేస్తే దొరక్కపోవచ్చు.

అంటే బ్లో హోల్స్, పగులు రెండు వేరు వేరు జబ్బులనుకోవడం ఇక్కడ కుదరదు. ఆర్క్ మొదలైన చోట కనిపించే ఆ చుక్కలు, రాడ్ తడిగా ఉందని మొదటి రోజే చెప్పిన సాక్ష్యం. (అన్ని బుడగలూ తేమ వల్లే రావు. ఆర్క్ పొడుగైతే గాలిలోని నైట్రోజన్ కలిసి కూడా వస్తాయి. నూనె, పెయింటు, తుప్పు ఉన్నా వస్తాయి.)

గురువారం

మూడు ముక్కల్నీ అడ్డంగా కోయించి, పాలిష్ చేయించి, ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ యాసిడ్ కలిపిన నైటాల్ రాశాం. వెల్డ్, దాని పక్కన వేడికి మారిన పొర, అసలు షాఫ్ట్, మూడూ వేర్వేరు రంగుల్లో తేలాయి. షాఫ్ట్ వైపు ఆ పొర గట్టిదనం వికర్స్‌లో: ఎ ముక్కకి 590, బి ముక్కకి 480, సి ముక్కకి 360. మామూలుగా 350 దాటకుండా చూసుకుంటే హైడ్రోజన్ పగులు భయం తక్కువని వాడుకలో ఉన్న లెక్క.

బి ముక్కే అసలు విషయం చెప్పింది. పైన ఏ గీతా లేదు కదా, కోసి చూస్తే వెల్డ్ కింద, షాఫ్ట్ లోపల, వెల్డ్ సరిహద్దుకి సమాంతరంగా మూడు మిల్లీమీటర్ల పగులు. పైకి తెరుచుకోలేదు కాబట్టి డై పెనెట్రాంట్ దాన్ని ఎప్పటికీ చూపించదు. బాబాయ్ భూతద్దం తీసుకుని చూసి, "ఇది కొయ్యకపోతే నేను షాఫ్ట్ బిగించేసేవాణ్ణి" అన్నాడు.

రెట్టింపు వేడి పెట్టినా ఎందుకు చాల్లేదు? మందమైన ముక్కలో వెల్డ్ చల్లబడే వేగానికి ఒక పాత సూత్రం ఉంది. 550 డిగ్రీల దగ్గర ఎంత వేగంగా చల్లబడుతుందనేది ఇలా మారుతుంది:

```
R ∝ (550 - T0)² / H

A: (550 - 30)² / 0.6   ->  1.00
B: (550 - 30)² / 1.2   ->  0.50
C: (550 - 200)² / 0.8  ->  0.34
```

T0 అంటే వెల్డ్ చేసే ముందు ముక్క ఉన్న వేడి. ఎ ముక్క వేగాన్ని ఒకటి అనుకుంటే, రెట్టింపు హీట్ ఇన్‌పుట్ దాన్ని సగానికి తెచ్చింది. ప్రీహీట్ మాత్రం, హీట్ ఇన్‌పుట్ మూడో వంతే పెరిగినా, మూడో వంతుకి తెచ్చింది. కారణం ఆ వర్గం గుర్తు. ఆర్క్ వేడి కింద ఒక్కసారే భాగిస్తుంది, ముక్క వేడి పైన వర్గమై పనిచేస్తుంది. సి ముక్క స్థాయికి ఆంప్స్‌తోనే రావాలంటే మిల్లీమీటరుకి దాదాపు 1.8 కిలోజూళ్ళు పోయాలి. అంత పోస్తే షాఫ్ట్ ఇంకా లోతుగా కరుగుతుంది, కార్బన్ ఇంకా కలుస్తుంది, హాట్ క్రాక్ వైపు నుంచి మళ్ళీ మొదటికి వస్తాం. ఈ సూత్రం చదును ప్లేటు మీది బీడ్‌కి రాసింది. ఫిల్లెట్‌లో వేడి ఇంకా ఎక్కువ దారుల్లో పోతుంది కాబట్టి అసలు అంకెలు నమ్మొద్దు. ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికైతే పనికొస్తుంది.

ప్రీహీట్‌కి ఉన్న రెండో గుణం ఈ లెక్కలో కనబడదు. 200 డిగ్రీల దిమ్మ చల్లారడానికి గంటలు పడుతుంది. ఆ వేడిలో హైడ్రోజన్ చురుగ్గా కదిలి బయటికి పోతుంది. చల్లటి దిమ్మ మీద ఎన్ని ఆంప్స్ పెట్టినా, అతుకు నిమిషాల్లో వంద డిగ్రీల కిందికి దిగిపోయి హైడ్రోజన్ లోపలే ఉండిపోతుంది.

అయినా సి ముక్కది 360. హద్దుకి కాస్త పైనే. ఆర్క్ మొదలైన చోట బ్లో హోల్స్ కూడా పోలేదు. కాబట్టి అసలు పనికి ప్రీహీట్ ఇంకాస్త పెంచి, రాడ్లు కాల్చి, వెల్డ్ అయ్యాక కూడా వేడి నిలపాలని నిర్ణయించాం.

శనివారం

రాడ్లని 350 డిగ్రీల దగ్గర గంటన్నర కాల్చాం. వంటింటి ఓవెన్లు సాధారణంగా అంతవరకు వెళ్ళవు, రాడ్ల ఓవెనే కావాలి. తీసినవి 120 డిగ్రీల హోల్డింగ్ డబ్బాలో పెట్టి, ఒక్కొక్కటే బయటికి. ఒక మాట: 6013 రాడ్లని ఇలా కాల్చొద్దు. వాటి పూతకి కొంత తేమ ఉండాలి, అంత వేడికి పాడవుతాయి.

పాత ఫ్లాంజ్‌తో ఇంకో తలనొప్పి. ఏళ్ళ తరబడి నూనెలో నానింది. పైన అసిటోన్‌తో తుడిస్తే మెరిసిపోతుంది, టార్చ్ పెట్టగానే బోరు లోపల్నుంచి పొగ. అలాగే వెల్డ్ చేసుంటే షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య సందులో ఇరుక్కున్న ఆ ఆవిరికి వెల్డ్‌లోంచి తప్ప వేరే దారి లేదు, రూట్ నుంచి పైదాకా పురుగు తొలిచినట్టు సొరంగాలు పడేవి. విడిగా కాల్చడం, చల్లార్చి తుడవడం, పొగ ఆగేదాకా మళ్ళీ అదే పని. తుడవడానికి బ్రేక్ క్లీనర్ మాత్రం వద్దు. క్లోరిన్ ఉన్న ద్రావకాల ఆవిరి ఆర్క్ వెలుతురుకి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

ప్రీహీట్‌కి వెడల్పు నాజిల్ ఎల్పీజీ టార్చ్. అతుకుకి అటూ ఇటూ 75 మిల్లీమీటర్ల మేర, 230 డిగ్రీలు వచ్చేదాకా. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ చాలా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్ముకోలేదు. ఒక నిర్ణీత వేడి దగ్గర కరిగే టెంపరేచర్ చాక్ వాడాం. టార్చ్ తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి గీయాలి. లేకపోతే పై పొర వేడే తెలుస్తుంది, దిమ్మ లోపలి వేడి తెలీదు. ఫ్లాంజ్ త్వరగా ఎక్కుతుంది, షాఫ్ట్ నిదానం. మంట షాఫ్ట్ వైపే ఎక్కువసేపు ఉంచాల్సి వచ్చింది.

వెల్డ్ బాబాయ్ చేశాడు. 3.15 రాడ్, డీసీ, రాడ్ పాజిటివ్, 120 ఆంప్స్. ఆర్క్‌ని కావాల్సిన చోటికి పది మిల్లీమీటర్లు ముందు వెలిగించి, వెనక్కి తెచ్చి, ఆ వెలిగించిన చోటు మీదుగా మళ్ళీ కరిగిస్తూ పోయాడు. మొదట్లో పడ్డ బుడగలు ఏవైనా ఉంటే ఈ రెండో కరుగులో బయటికి పోతాయి. ఆర్క్ పొట్టిగా, ఊపకుండా నేరు బీడ్లు. ఆపే ప్రతిచోటా గుంట నింపి కాస్త వెనక్కి వచ్చి ఆపడం. షాఫ్ట్ వంగకుండా ఎదురెదురు భాగాలుగా. అతుకుకి బయట షాఫ్ట్ మీద ఎక్కడా రాడ్ గీకనివ్వలేదు, ఆ ఒక్క నిప్పురవ్వ మచ్చ కూడా ఈఎన్-8 మీద గాజులాంటి గట్టి చుక్క అవుతుంది.

మూడు పాస్‌ల మధ్యా చాక్‌తో చూస్తూ, 220 కిందికి పోకుండా, 300 దాటకుండా నడిపాం. రెండో పాస్‌కి ముందు ఓసారి 310 దాకా పోయింది, ఆగాం. ఆగడమే ఇందులో కష్టమైన పని, చెయ్యి ఊపు మీదుంటుంది.

చివరి బీడ్ అయ్యాక టార్చ్‌తో 250 దగ్గర రెండు గంటలు నిలిపి, సిరామిక్ ఫైబర్ దుప్పటి చుట్టి రాత్రంతా వదిలేశాం. రెండో వైపు ఫిల్లెట్ కూడా అదే వేడిలో, ఈ నిలుపుడుకి ముందే పూర్తి చేశాం. మధ్యలో చల్లార్చి మళ్ళీ వేడెక్కించే పని పెట్టుకోలేదు.

మంగళవారం

దుప్పటి విప్పి 48 గంటలైంది. డై పెనెట్రాంట్‌లో గీతలు లేవు. ఫ్లాంజ్ బయటి వైపు ఒక చోట గుండ్రటి ఎర్ర చుక్క. గ్రైండ్ చేస్తే అర మిల్లీమీటరు లోతులోనే పోయింది, మళ్ళీ వేస్తే శుభ్రం. బి ముక్క గుర్తుంది కాబట్టి పై పరీక్షతో సరిపెట్టుకోకుండా అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా చేయించాం. వెల్డ్ కింద షాఫ్ట్‌లో సంకేతాలేమీ రాలేదు. ఫిల్లెట్‌కి ఆ పరీక్ష అంత తేలిక కాదు, షాఫ్ట్ చివర ముఖం మీంచి చూడాల్సి వచ్చింది.

డయల్ గేజ్ పెడితే షాఫ్ట్ 0.18 మిల్లీమీటర్లు ఊగుతోంది. బేరింగ్ కూర్చునే చోట అర మిల్లీమీటరు అదనంగా ముందే ఉంచాం కాబట్టి లేత్ మీద పోతుంది. రేపు అది తీయించి, వెల్డ్ అంచుల్ని గ్రైండర్‌తో నునుపు చేసి బిగిస్తాం. పాత పగులు పుట్టింది సరిగ్గా ఆ అంచులోనే.